ఇంకొక్కసారి

మా అక్క కూతురికి ఆరేళ్లు నిండిన రోజు. పొద్దుటి నుంచీ దాని కాలు ఒకచోట నిలిస్తే ఒట్టు. వసారా స్తంభానికి కట్టిన పదకొండు బుడగలు (ఆరేళ్ల పిల్లకు పదకొండేమిటని అడక్కండి, ఇరవై ఊదబోతే తొమ్మిది బావగారి చేతుల్లోనే పేలిపోయాయి) గాలి తగిలినప్పుడల్లా ఒకదాన్నొకటి గుద్దుకుని, పక్కకు జరిగి, మళ్లీ తోసుకుంటూ, బడిగంట కోసం కాచుకున్న పిల్లల్లా కుదురు లేకుండా ఉన్నాయి. పెరట్లో తీగ మీద అమ్మ ఆరేసిన తెల్లదుప్పట్లు ఫటఫటా చప్పట్లు కొడుతున్నాయి. చెట్టుకొమ్మకు వేసిన ఉయ్యాల మీద పాప వాళ్లన్న ఆకాశాన్ని తన్నేలా ఊగుతున్నాడు. పడక్కుర్చీలో నాన్న పేపరు ముఖం మీద కప్పుకుని నిద్ర నటిస్తున్నాడు గానీ, నవ్వాపుకోలేక పేపరు పైకీ కిందికీ కదిలిపోతోంది.

"దాగుడుమూతలు! నేనే దొంగ, నేనే దొంగ!"

మామూలుగా దొంగ అవమంటే పిల్లలు ఏడుస్తారు. దీనికేమో అదే సరదా. మా చిన్నప్పుడు అక్కా అంతే, దొంగ తనే. నేను దాక్కోవడంలో దిట్టని. ఒకసారి లోపలి గదిలో బట్టల బీరువాలో దూరి, మెత్తగా ఉందని అక్కడే నిద్రపోయాను. ఇల్లంతా గాలించి, పేరు పెట్టి పిలిచి, చివరికి అమ్మ చీర తీయబోతే చీరల మధ్య నేను! ఆ కథ ఇప్పటికీ ఇంటికెవరొచ్చినా చెబుతారు. ఆ బీరువా తలుపు అప్పటి నుంచీ సరిగ్గా పడదు, ఎప్పుడు చూసినా వేలెడు సందు.

పాప స్తంభానికి నుదురానించి, కళ్లకు అడ్డం పెట్టుకున్న వేళ్ల సందుల్లోంచి బాహాటంగా చూస్తూ, వీధి చివరికి వినబడేలా లెక్క అందుకుంది. ఒకటీ రెండూ మూడూ అనేసరికి గుప్పెడు గింజలు విసిరినట్టు పిల్లలు చెల్లాచెదరైపోయారు. అన్న ఊగే ఉయ్యాల మీంచే చెంగున దూకి దుప్పట్ల వెనక్కి, మా కవలల్లో ఒకడు వసారాలో మంచం కిందికి, రెండోవాడు నీళ్లతొట్టి వెనక్కి, పక్కింటి పిల్లాడు ఎప్పట్లాగే వీధితలుపు చాటుకి తుర్రుమన్నారు. ఇన్నాళ్లకు తన వంతు వచ్చిందన్నట్టు ఉయ్యాల తనంతట తనే నాలుగు ఊపులు ఊగింది.

"...పదిహేనూ, పదహారూ, పద్దెనిమిదీ..."

"పదిహేడు ఏమైందే?" వంటింటి కిటికీలోంచి అమ్మ కేకేసింది.

పదిహేడు దానికి రాదు. వంద వరకూ గడగడా చెబుతుంది, ఎన్ని ముద్దులు పెట్టి నేర్పినా పదహారు దగ్గరికొచ్చేసరికి మాత్రం పిల్లకాలవ దాటినట్టు పద్దెనిమిది మీదికి ఒక్క గంతు. అందరం గొల్లుమన్నాం. దాక్కున్నవాళ్లు కూడా దాక్కున్నచోటి నుంచే గొల్లుమన్నారు. అలా నవ్వితే దొరికిపోతామన్న తెలివి ఉంటేగా!

"ఇరవై! వచ్చేస్తున్నా!"

"వెతుకు తల్లీ, వెతుకు," పేపరు కింద నుంచి నాన్న. "ఎక్కడికి పోతారు? అందరూ ఇక్కడే ఉంటారు."

దుప్పటి కింద అన్న పాదాలు, మట్టితో సహా, చెల్లెల్ని వెక్కిరిస్తూ వేళ్లు ఆడిస్తున్నాయి. దొరికావ్! మంచం కింద దుమ్ముకు ఒకటే దగ్గు. దొరికావ్! తొట్టి వెనక కిచకిచలు, ఎంత నోరు నొక్కుకున్నా ఆగవు. దొరికావ్! ఇక తలుపుచాటు పెద్దమనిషి కోసం వెతకడం కూడా దండగనుకుని, తలుపు మీద టకటకా రెండు తట్లు తట్టి "బయటికి రా" అంది. వాడు రెండు చేతులూ చాపుకుని, పందెం గెలిచినవాడి ఫోజులో బయటికొచ్చాడు.

"ఇంకొక్కసారి!" అంది పాప.

ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అని పిల్లలు నలుగురూ అందుకున్నారు. నాన్న పేపరు సర్దుకున్నాడు.

పాప మళ్లీ స్తంభానికి నుదురానించి కళ్లు కప్పుకుంది. లెక్క మొదలైంది, పిల్లలు పరిగెత్తారు. అన్న ఉయ్యాల మీంచి దూకి దుప్పట్ల వెనక్కి వెళ్లాడు. కవలల్లో ఒకడు మంచం కిందికి పాకాడు, ఒకడు తొట్టి వెనక నక్కాడు. ఎవడు ఎక్కడికి వెళ్లాడో ఈసారి నేను సరిగ్గా చూడలేదు. విడివిడిగా కనబడితే ఒక్కోసారి నాకే తేడా తెలియదు, కన్నదాన్నయి ఉండి. పక్కింటి పిల్లాడు తలుపు వెనక్కి జరిగాడు. ఇందాక వాళ్లున్న చోట ఇప్పుడెవరూ లేరు. ఉయ్యాల ఊగుతోంది.

అంత సందడి అంతలో అణిగిపోవడం ఈ ఆటలోనే ఉంది. అలా అణిగినప్పుడే చిన్నచిన్న చప్పుళ్లు వినబడతాయి. బుడగలు ఒకదాన్నొకటి రాసుకుంటే రబ్బరు సన్నగా కీచుమంటుంది. దుప్పట్లు గాలితో నిండి, వదులై, మళ్లీ నిండుతాయి. ఉయ్యాల తాడు కొమ్మ మీద ఒరుసుకుంటుంది. ఇవన్నీ పొద్దుటి నుంచీ ఉన్నవే.

"పదిహేను. పదహారు. పద్దెనిమిది."

"పదిహేడు ఏమైందే?" అంది అమ్మ, కిటికీలోంచి.

అందరం నవ్వాం. మంచం కింద నుంచీ, తొట్టి వెనక నుంచీ, తలుపు వెనక నుంచీ నవ్వులు వచ్చాయి. తర్వాత ఆగాయి.

"ఇరవై. వచ్చేస్తున్నా."

"వెతుకు తల్లీ, వెతుకు." నాన్న ముఖం మీద పేపరు అలాగే ఉంది. "ఎక్కడికి పోతారు? అందరూ ఇక్కడే ఉంటారు."

పాప వెతికింది. ముందు పాదాలు కనబడ్డాయి. తర్వాత దగ్గు వినబడింది. తొట్టి వెనక నోరు నొక్కిన చప్పుడు. తలుపు మీద రెండుసార్లు తట్టి, లోపలి నుంచి ఏ అలికిడీ రాకముందే "బయటికి రా" అంది. వాడు వచ్చాడు, చేతులు చాపుకుని.

నలుగురూ దాని ముందు నిలబడ్డారు.

"ఇంకొక్కసారి," అంది పాప.

నుదురు స్తంభానికి ఆనింది. కళ్లు మూతపడ్డాయి.

ఒకటి.

ఎవరూ మాట్లాడలేదు. ఎవరెక్కడికి వెళ్లాలో వాళ్లకు తెలుసు.

రెండు. మూడు.

అదే ఎండ. అదే గాలి. తీగకు వేలాడుతున్న తెల్లటి గుడ్డలు. అవి మెల్లగా ఉబ్బాయి, ఊపిరి బిగబట్టినట్టు. మెల్లగా కుంగాయి. కుంగినప్పుడు, వాటి వెనక ఒక ఆకారం. ఎత్తు మా వాడంతే.

నాలుగు. ఐదు. ఆరు.

మంచం కింద చీకటి. ఆ చీకట్లో ఒకడు, బోర్లా. తొట్టి నీడలో ఒకడు, అదే ముఖం. తలుపుకూ గోడకూ నడుమ ఒకడు, నిటారుగా, ఒంటికి చేతులంటించుకుని. ఎక్కడివాళ్లక్కడే.

ఉయ్యాల మీద ఎవరూ లేరు. ఉయ్యాల ఊగింది. తాడు కొమ్మను కోస్తోంది. కిర్రు. ఆగి, కిర్రు. మళ్లీ ఆగి.

తొమ్మిది. పది. పదకొండు.

స్తంభానికి పదకొండు. గొంతు దగ్గర దారం బిగించి కట్టినవి. ఒకదాని ముఖాన్నొకటి నెడుతున్నాయి. ఎటూ పోలేవు.

తెరిచిన గదిలోంచి బీరువా కనబడుతోంది. తలుపు వేలెడు తెరిచి ఉంది. ఎప్పుడూ ఉండేంతే.

లెక్క సాగుతోంది. చిన్న గొంతు. తొందర లేదు. పద్నాలుగు. పదిహేను. పదహారు.

పద్దెనిమిది.

"పదిహేడు ఏమైందే?"

కిటికీ ఊచల వెనక అమ్మ. ముఖంలో సగమే కనబడుతోంది. నవ్వుతున్న సగం.

నవ్వాం. మంచం నవ్వింది. తొట్టి నవ్వింది. తలుపు నవ్వింది. నేనూ నవ్వాను. నా నోరు తెరుచుకోవడం నాకు తెలిసింది.

ఇరవై.

"వచ్చేస్తున్నా."

పడక్కుర్చీ. కుర్చీలో కాళ్లు, చేతులు. ముఖం ఉండాల్సిన చోట అచ్చక్షరాలు. కాగితం లేచింది, దిగింది.

"వెతుకు తల్లీ, వెతుకు. ఎక్కడికి పోతారు?" లేచింది. దిగింది. "అందరూ ఇక్కడే ఉంటారు."

పాప చేతులు దించింది. నుదుటి మీద స్తంభం అంచు ఎర్రగా దిగబడి ఉంది. తిన్నగా నడిచింది. అటూ ఇటూ చూడలేదు. తెల్లదుప్పటి ముందు ఆగింది. అంచు కింద రెండు పాదాలు, మట్టివి. వేళ్లు కదిలాయి. పాప వాటినే చూస్తూ నిలబడింది. వేళ్లు మళ్లీ కదిలాయి. దుప్పటి పక్కకు లాగింది.

దొరికావ్.

మంచం ముందు మోకాళ్ల మీద వంగింది. చీకట్లో దగ్గు. చీకట్లోకి చెయ్యి పెట్టింది.

దొరికావ్.

తొట్టి. దొరికావ్.

మిగిలింది తలుపు.

టక్.

టక్.

"బయటికి రా."

ముందు వేళ్లు వచ్చాయి, తలుపు అంచు పట్టుకుని. తర్వాత చేతులు, చాపినవి. తర్వాత వాడు.

అక్క ఫోను పట్టుకుని వసారాలోకి వచ్చింది. ఫొటో అంటే దానికి ఎవరైనా ఒకటే, వదలదు. నాన్నని లేపింది. అమ్మని పిలిచింది. బావగారిని పిలిచింది.

"దగ్గరికి రండి. ఇంకా. ఇంకా దగ్గరికి."

జరిగాం. భుజానికి భుజం ఒత్తుకుంది. మా వెనక బుడగలు, మా తలల పక్కన తలల్లా. పాప మధ్యలో. పాప భుజాల మీద బావగారి చేతులు.

"కదలకండి."

కదల్లేదు.

"నవ్వండి."

నవ్వాం.

అక్క ఫోను ముఖానికి అడ్డం పెట్టుకుంది. పెదాలు మాత్రం కనబడుతున్నాయి. ఒక్కొక్కరినీ లెక్కపెడుతున్నాయి.

"తొమ్మిది," అంది. "అందరూ ఉన్నారు."

క్లిక్.

ఎవరూ కదలకముందే పాప మా మధ్యలోంచి జారిపోయింది. స్తంభం దగ్గరికి వెళ్లింది. మాకు వీపు.

"ఇంకొక్కసారి."

ఒకటి.