ఇది నీవే చదువు

దసరా మర్నాడు పగటి భోజనాలయ్యాక రజిత మంచం మీద ఒరిగి వాట్సాప్ స్టేటస్‌లు చూసుకుంటూ పోతోంది. జమ్మి ఆకులు, కొత్త చీరలు, ఎవరిదో పూజ చేసిన బండి. ఆ వరుసలో తన ఫోటో వచ్చింది. నాలుగు రోజుల కింద హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో టీచర్ నియామక పత్రం పట్టుకుని దిగిన ఫోటో. కింద పసుపు అక్షరాలతో "మా బిడ్డ గవర్నమెంట్ టీచర్ అయింది" అని ఉంది. పక్కన రెండు దండాల బొమ్మలు.

పెట్టినవాళ్ల పేరు చూసింది. "భీమండి."

ఫోన్ వస్తే పొరపాటున కూడా ఎత్తకూడదని ఆ నంబరును ఆ పేరుతో సేవ్ చేసి పెట్టుకుంది. బాపు అని రాసుకోబుద్ధి కాలేదు అప్పట్లో. ఇప్పటికీ కాదు.

లేచి కూర్చుంది. ఫోటో చుట్టాల గ్రూప్‌లోంచి పోయి ఉంటుంది, అది సరే. కానీ ఆయన స్టేటస్ తనకు కనిపించిందంటే తన నంబరు ఆయన ఫోన్‌లో కూడా సేవ్ అయి ఉండాలి. సిమ్ మార్చి ఏడాది దాటింది. కొత్త నంబరు ఇచ్చిందెవరు? ఆ ఆలోచన వెనకే ఇంకోటి వచ్చింది. తను చూసినట్టు ఈపాటికి ఆయనకు తెలిసే ఉంటుంది.

వెంటనే టైప్ చేసింది.

"నా ఫోటో తీసెయ్. నేను నీ బిడ్డనని ఇంకెవ్వరికీ చెప్పకు."

బాణం గుర్తు దాకా వెళ్లిన వేలు ఆగింది. కోపం చల్లారి ఆగలేదు. ఇంత అన్యాయానికి ఈ రెండు ముక్కలేనా అనిపించింది. ఇరవై నాలుగు గంటలైతే ఆ ఫోటో ఎలాగూ పోతుంది. పోయేలోపు ఆయనకు తెలియాల్సింది చాలా ఉంది.

చెరిపేసి మొదటినుంచి మొదలుపెట్టింది. సిరిసిల్లలో నేత సాంచాలు నడవక చేతికి పని దొరకని రోజుల్లో, తను ఆరో తరగతిలో ఉండగా ఆయన భీమండి బస్సెక్కాడు. ఎక్కేముందు అవ్వ పేరు మీద మహిళా సంఘంలో ముప్ఫై వేల లోను తీయించుకుని పోయాడు. అక్కడ మగ్గం దొరకగానే పంపుతానన్నాడు. నాలుగైదు నెలలు పంపాడు. ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. వచ్చినవాళ్లు తాగుతున్నాడని చెప్పారు. సంఘం మీటింగ్ ఉన్న రోజు అవ్వ పొద్దున్నే లేచి, కిస్తీకి ఎంత తక్కువైందో లెక్కపెట్టుకుని, ఆ తక్కువైంది అప్పు అడగడానికి ఇల్లిల్లూ తిరిగేది. తమ్ముడికి డెంగీ వచ్చి కరీంనగర్ తీసుకుపోయినప్పుడు ఆయనకు పదిసార్లు ఫోన్ చేశారు. డీఎడ్ ఫీజు కట్టే ముందురోజు అవ్వ తన చెవి కమ్మలు తీసి కాగితంలో చుట్టింది.

అవన్నీ రాసింది. స్క్రీన్ మూడుసార్లు పైకి జరిపితే గానీ మొదలు కనిపించనంత పొడవైంది. చదువుకుంది. ప్రతి మాటా నిజమే. కానీ అంతా కలిపి చదివితే ఆయన ముందు నిలబడి చేయి చాపినట్టుంది. ఇంత జరిగింది, ఇప్పటికైనా జాలిపడు అన్నట్టుంది. ఆయన జాలి తమకెందుకు? మొత్తం సెలెక్ట్ చేసి తీసేసింది.

అప్పుడు తట్టింది, తను ఇంతసేపు రాస్తుంటే అక్కడ తన పేరు కింద "టైపింగ్" అని కనిపిస్తూ ఉంటుందని. ఆయన చూస్తూ కూర్చున్నాడేమో. గుండె దడదడలాడింది. చాట్ మూసేసి నోట్స్ తెరిచింది. రాసేదేదో ఇక్కడ రాసి, ఖాయం చేసుకున్నాకే అక్కడ అతికించాలి.

ఈసారి మీరు అని రాసింది. "మీరు నా అనుమతి లేకుండా నా ఫోటోను వాడుకున్నారు. దయచేసి వెంటనే తొలగించగలరు. ఇకముందు ఇటువంటివి పునరావృతమైతే తగిన చర్య తీసుకోవలసి వస్తుంది." రాసేటప్పుడు బలంగానే అనిపించింది. ఆఫీసు నోటీసులా దూరంగా, చల్లగా ఉంటుందనుకుంది. పుట్టి బుద్ధెరిగాక బాపును మీరు అన్నది లేదు. అంటే నొచ్చుకోవాలి, అదే కావాలి.

"ఏం రాస్తున్నవే గంతసేపు?"

గడపవతల అవ్వ ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చేస్తోంది. పండుగైనా ఆమె చేతులకు బంద్ లేదు. పక్కింటి సాంచాలు ఆగిపోయి వాడంతా నిశ్శబ్దంగా ఉంటే, ఆమె కత్తెర తునికాకును కోస్తున్న చప్పుడు లోపలికి వినిపిస్తోంది.

రజిత ఫోన్ తీసుకొచ్చి ఫోటో చూపించింది. అవ్వ చాట పక్కకు పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని, ఫోన్ దూరం పట్టుకుని చూసింది. చాలాసేపు చూసింది.

"నా నంబర్ నువ్వే ఇచ్చినవా?"

"నేనే ఇచ్చిన. నీకు పోస్టు వచ్చిందని తెల్సినంక ఫోన్ చేసిండు. ఏడ్చిండు. అడిగితె ఇచ్చిన."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తె గిట్లనే కోపానికొస్తవని."

రజితకు నోరు పెగల్లేదు. అవ్వ మీద అరవాలని ఉంది, అరవలేదు. నోట్స్‌లో రాసింది బయటికి చదివి వినిపించింది. పునరావృతం దగ్గరికొచ్చేసరికి అవ్వ చేయెత్తి ఆపింది.

"గదంత గాయినకు ఏం సమజైతది? చదువొస్తదా? ఆ రూముల ఏ పోరనితోనో చదివించుకుంటడు. గా ఫోటో కింద రాసింది గూడ గాయిన రాసిండనుకున్నవా?"

అంటూనే చాట మళ్లీ ఒళ్లోకి తీసుకుంది. ఆకులో జర్దా పోసి, వేళ్ల మధ్య దొర్లించి, దారం చుట్టి, నోటితో తెంపింది.

ఆ మాటతో రజిత మనసు ఎటో పోయింది. నాలుగో తరగతిలో ఉన్నప్పుడు శనివారం సాయంత్రం ఆసామి ఇచ్చిన చీటీ పట్టుకుని బాపు ఇంటికొచ్చేవాడు. వారంలో నేసిన మీటర్లు, అడ్వాన్సు కింద పట్టుకున్నది, చేతికి వచ్చేది. అంకెలు ఆయనే టకటకా చదివేవాడు, ఆసామి లెక్కలో పది పైసలు తేడా వచ్చినా పట్టేవాడు. అక్షరాల దగ్గరే తంటా. తన వాచకం తెరిచి ఆయన వేలు పట్టుకుని చదివించేది. గుణింతాలు దాటించింది. అవ్వ, అక్క, అత్త దాకా తీసుకొచ్చింది. ఆ తర్వాత ఒక అక్షరం కింద వేరే అక్షరం ఒత్తు వచ్చే పాఠం దగ్గర ఆగిపోయారు. "ఇది కింద వేలాడుడేంది బిడ్డా" అని పుస్తకం మూసేవాడు. అది పూర్తికాకుండానే బస్సెక్కాడు.

ప్రైవేటు బడిలో ఒకటో తరగతికి చెప్పిన రెండేళ్లలో ఆ పాఠం దగ్గర ఆగిపోయే పిల్లల్ని ఎంతమందిని చూసిందో.

అంటే తను ఏం రాసినా ముందు ఒక ముక్కూ మొహం తెలియని పోరడి నోట్లోంచి బయటికొస్తుంది. పది మంది పడుకునే గదిలో. కమ్మలు, కిస్తీ, తమ్ముడి డెంగీ, అన్నీ వాళ్ల చెవిన పడతాయి. అవ్వ బతుకు వాళ్లకు కాలక్షేపమవుతుంది. ఆయనకేమో ఇంకొకరి గొంతులో వినిపించి, సగం నవ్వులాటలో కలిసిపోతుంది. అది మాత్రం జరగకూడదు. ఈ మాట ఆయన ఒక్కడే, తన కళ్లతో చదవాలి. ఆగి ఆగి చదవాలి. ఒక్కో అక్షరం కూడబలుక్కుని తిట్టు తినాలి.

వాయిస్ పంపవచ్చు. కానీ ఆయనతో మాట్లాడితే గొంతు జీరబోతుందని తెలుసు. ఆ గొంతు ఆయనకు ఇవ్వదలచుకోలేదు.

నోట్స్‌లోది చెరిపేసింది. కొత్తగా రాయడం మొదలుపెట్టాక తెలిసింది ఎంత కష్టమో. అనుమతి అనొచ్చు, కానీ ఆయనకు అర్థం కాదు. అన్యాయం అనకూడదు. సిగ్గు అనొచ్చు, గకు గ ఒత్తే కాబట్టి. మొదటిసారి సిగ్గు అని రాసి, అది కూడా కష్టమవుతుందేమోనని తీసేసింది. నిన్ను క్షమించను అని ఉండాలనుకుంది, క్ష దగ్గరే ఆయన ఆగిపోతాడు. దాని బదులు కోపం అని రాసింది. పోలేదు అని చేర్చింది. ఒత్తున్న మాట దొరికిన చోటల్లా వాక్యం విప్పి మళ్లీ కట్టింది. మధ్యలో ఒకసారి అవ్వను అడిగింది, లోను చివరి కిస్తీ ఎప్పుడు కట్టామని. నీ ఇంటర్ రెండో ఏడు అంది అవ్వ, తల ఎత్తకుండానే.

సాయంత్రమయ్యేసరికి మిగిలింది ఇది.

"బాపూ, ఇది నీవే చదువు. ఎవరినీ అడగకు.
నేను రజితను.
నా ఫోటో తీసెయి.
నా చదువుకు నీవు రూపాయి పంపలేదు.
బీడీలు చేసి చదివించినది అవ్వ.
సంఘం లోను తీరింది. అదీ అవ్వ వలనే.
నా కోపం పోలేదు."

అవ్వ అనే మాట ఒక్కదానికే ఒత్తుంది. దాన్ని మార్చలేదు. అది ఆయనకు వచ్చు.

ఒక్కో లైను మీద వేలు పెట్టి, ఆయన చదివినట్టే ఆగి ఆగి చదివి చూసుకుంది. ఏ లైనూ మెత్తబడలేదు. మొదట రాసిన రెండు ముక్కల కంటే ఇదే ఎక్కువ తగిలేలా ఉంది. అతికించి పంపింది.

రెండు టిక్కులు వెంటనే పడ్డాయి. నీలం కూడా అయ్యాయి. ఇక ఆ తర్వాత ఏమీ లేదు. అవ్వ బీడీలు కట్టలు కట్టింది. తమ్ముడు వచ్చి అన్నం తిని మళ్లీ బయటికి పోయాడు. రజిత మధ్యమధ్య స్టేటస్‌లు చూస్తూనే ఉంది. ఫోటో ఇంకా ఉంది. చదువుతున్నాడా, ఎవరికన్నా చూపించాడా?

ఎనిమిది దాటాక మళ్లీ చూస్తే ఫోటో లేదు. భీమండి పేరే వరుసలో లేదు. అప్పుడు చాట్‌లో పేరు కింద టైపింగ్ అని వచ్చింది. పోయింది. వచ్చింది. చాలాసేపు అలాగే.

"తిసన. ననె చదవన. ఎవల అడగల"

రజిత దాన్ని రెండుసార్లు చదివింది. దీర్ఘాలు లేవు, గుడి ఒక్కటే ఉంది. ఏ పోరడూ ఇలా రాయడు.

మళ్లీ టైపింగ్.

"లన ఎత అయద వడడ తన"

ఇది అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. లోను ఎంత అయింది, వడ్డీతోని.

అవ్వ దగ్గరికి వెళ్లి అడిగింది. అవ్వ ఎందుకని అడగలేదు. లోపలికి పోయి ట్రంకుపెట్టె అడుగునుంచి సంఘం పాస్‌బుక్కు తెచ్చి ఇచ్చింది. అట్ట మీద పసుపు మరకలు. రజిత బల్బు కిందికి జరిగి ఒక్కో కిస్తీ కూడింది, మళ్లీ ఒకసారి కూడి సరిచూసుకుంది.

అంకెలు ఆయనకు బాగా వచ్చు. దీన్ని నోట్స్‌లో రాసి చూసుకోనక్కర్లేదు. నేరుగా చాట్‌లోనే కొట్టి పంపేసింది.

"37,260"