మీ ఆర్ఓ-యూవీ వాటర్ ప్యూరిఫైయర్: వాడకం పుస్తకం
(గోడకు బిగించే 8 లీటర్ల మోడల్, మొదటిసారి కొన్నవారి కోసం)

ఇందులో ఏమున్నాయి

1. ముందు మీ నీళ్ల సంగతి
2. పెట్టెలో ఉండే సామాను
3. ఎక్కడ బిగించాలి
4. మొదటి రోజు
5. రోజువారీ వాడకం, వేస్ట్ నీళ్లు
6. టీడీఎస్ స్క్రూ జోలికి వెళ్లొద్దు
7. ఏ ఫిల్టర్ ఎప్పుడు మార్చాలి
8. ఏదైనా తేడా వస్తే
9. ఊరికి వెళ్లేటప్పుడు
10. వారంటీ

ఇంకేదీ చదివే తీరిక లేకపోతే 4, 6 భాగాలు మాత్రం చదవండి. ఫిట్టర్ వెళ్లిపోయాక ఇబ్బంది పడేది ఎక్కువగా అక్కడే.

1. ముందు మీ నీళ్ల సంగతి

నల్లగొండ చుట్టుపక్కల బోరు నీళ్లు తాగే ఇళ్లను దృష్టిలో పెట్టుకుని ఈ ప్యూరిఫైయర్‌ను తయారు చేశాం. మన బోరు నీళ్లలో రెండు సమస్యలు. ఒకటి ఉప్పదనం, అది నాలుకకు తెలుస్తుంది. రెండోది ఫ్లోరైడ్, దానికి రంగూ రుచీ వాసనా ఉండవు. కాచినా పోదు, నీళ్లు ఆవిరైన కొద్దీ మిగిలిన వాటిలో ఇంకా చిక్కబడుతుంది. గుడ్డలో వడగట్టినా, క్యాండిల్ ఫిల్టర్‌లో పోసినా ప్రయోజనం లేదు. ప్యూరిఫైయర్ లోపల జల్లెడలా పనిచేసే సన్నని పొర, అంటే ఆర్ఓ మెంబ్రేన్, దాన్ని చాలావరకు ఆపుతుంది.

టీడీఎస్ అంటే నీళ్లలో కరిగి ఉన్న ఉప్పులు, ఖనిజాల మొత్తం. తాగే నీళ్లలో లీటరుకు టీడీఎస్ 500 మిల్లీగ్రాములు, ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకపోతే మంచిదని భారత ప్రమాణం (ఐఎస్ 10500) చెబుతోంది. వేరే నీళ్లు దొరకని చోట ఫ్లోరైడ్ 1.5 వరకు సర్దుకోవచ్చు, అంతకు మించకూడదు. టీడీఎస్‌ను మా ఫిట్టర్ మీటరు పెట్టి అక్కడికక్కడే చూపిస్తాడు. ఫ్లోరైడ్ ఎంతుందో ఆ మీటరు చెప్పదు. అందుకు ఒక సీసాలో నీళ్లు పట్టి గ్రామీణ నీటి సరఫరా శాఖ జిల్లా ల్యాబ్‌లో పరీక్ష చేయించండి.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. మీ ఇంటికి రోజూ మిషన్ భగీరథ నల్లా నీళ్లే వస్తూ, వాటి టీడీఎస్ 300 లోపే ఉంటే మీకు ఆర్ఓ అక్కర్లేదు, యూవీ ప్యూరిఫైయర్ చాలు. ధరా తక్కువే, నీళ్లూ వృథా కావు. బిగించకుండా ఏడు రోజుల్లోపు తెస్తే మార్చి ఇస్తాం.

2. పెట్టెలో ఉండే సామాను

ప్యూరిఫైయర్, బయట బిగించే పెద్ద బౌల్ ఫిల్టర్, అడాప్టర్, తెల్ల పైపు (లోపలికి వచ్చే నీళ్లకు), నీలం పైపు (వేస్ట్ నీళ్లకు), నల్లాకు బిగించే చిన్న వాల్వు, బౌల్ విప్పే ప్లాస్టిక్ స్పానర్, గోడ స్క్రూలు, సర్వీస్ కార్డు. మెంబ్రేన్ సీలు వేసిన కవర్లో విడిగా ఉంటుంది. ఆ కవరును ఫిట్టర్ మీ ముందే కత్తిరించాలి. ముందే విప్పి ఉంటే తీసుకోవద్దు.

3. ఎక్కడ బిగించాలి

వంటింట్లో సింకు దగ్గర పెడితే వేస్ట్ పైపు పని తేలికవుతుంది. పొయ్యికి కనీసం మూడడుగుల దూరం ఉండాలి, లేకపోతే నూనె ఆవిరి, పోపు జిడ్డు పట్టి స్విచ్చులు పాడవుతాయి. ఎండ నేరుగా పడకూడదు. ట్యాంకు ఇంటి మీద, ప్యూరిఫైయర్ కంటే పదడుగుల పైన ఉంటే ప్రెషర్ సరిపోతుంది. ప్లగ్ పాయింటుకు ఎర్తింగ్ తప్పనిసరి.

4. మొదటి రోజు

ఇక్కడ తొందరపడకండి. కొత్త కార్బన్ ఫిల్టర్ లోంచి మొదట బొగ్గు పొడి వస్తుంది. నీళ్లు బూడిద రంగులో కనిపిస్తే ప్యూరిఫైయర్ పాడైందేమోనని టెన్షన్ పడక్కర్లేదు.

మెంబ్రేన్ పెట్టకముందే పది నిమిషాలు నీళ్లు వదిలి ఆ పొడి పోయేలా చేయాలి. ఇది ఫిట్టర్ పని. టైం లేదని చాలామంది వదిలేస్తారు, దగ్గరుండి చేయించుకోండి. తర్వాత మెంబ్రేన్ పెట్టి కరెంటు ఇస్తే గుయ్‌మని పంపు శబ్దం మొదలవుతుంది. ట్యాంకు నిండడానికి దాదాపు గంట పడుతుంది. ఆ ట్యాంకు నీళ్లు మొత్తం వదిలేయండి. రెండో ట్యాంకు కూడా వదిలేయండి, మొక్కలకు పోసుకోవచ్చు. మూడో ట్యాంకు నుంచి తాగండి.

మూడో ట్యాంకు నిండాక ఫిట్టర్ రెండు గ్లాసుల్లో మీటరు పెట్టాలి, ఒకటి నల్లా నీళ్లు, ఒకటి ప్యూరిఫైయర్ నీళ్లు. ఉదాహరణకు నల్లా నీళ్లు 740, ఇవి 60 వచ్చాయనుకోండి. ఆ రెండు అంకెలూ తేదీతో సహా సర్వీస్ కార్డు మీద రాయించండి. ఏడాది తర్వాత ఎవరైనా వచ్చి "మెంబ్రేన్ పోయిందండీ" అంటే నిజమో కాదో చెప్పేవి ఈ అంకెలే.

5. రోజువారీ వాడకం, వేస్ట్ నీళ్లు

ముందు వైపు మూడు లైట్లు ఉంటాయి. ఎరుపు: కరెంటు ఉంది. నీలం: నీళ్లు శుద్ధి అవుతున్నాయి. ఆకుపచ్చ: ట్యాంకు నిండింది, పంపు దానంతట అదే ఆగింది. మూడూ ఆరిపోతే కరెంటు లేదు. ఎరుపు ఒక్కటే వెలుగుతూ పంపు మూగబోతే పై ట్యాంకులో నీళ్లు అయిపోయాయి. రాత్రి ఆపక్కర్లేదు, ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచవచ్చు. పంపూ యూవీ దీపమూ కలిపి 60 వాట్ల లోపే, ఐదుగురున్న ఇంట్లో నెలకు ఐదు యూనిట్లకు మించి కాలదు.

వేసవిలో మాత్రం ఒక జాగ్రత్త. మే నెల మధ్యాహ్నం మేడ మీద నల్ల ట్యాంకు నీళ్లు చెయ్యి పెట్టలేనంత కాగుతాయి. 40 డిగ్రీలు దాటిన నీళ్లతో మెంబ్రేన్ పాడైపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున తొమ్మిదిలోపు ప్యూరిఫైయర్ ట్యాంకు నింపుకుని స్విచ్ ఆపేయండి, మళ్లీ రాత్రి వేసుకోండి.

ఒక లీటరు మంచినీళ్లకు సుమారు మూడు లీటర్లు నీలం పైపు లోంచి బయటికి పోతాయి. రోజుకు 20 లీటర్లు వాడే ఇంట్లో 60 లీటర్లు, అంటే 15 లీటర్ల బకెట్లు నాలుగు. పైపును సింకులోకి వదలకుండా బకెట్‌లో పెట్టండి. ఇల్లు తుడవడానికి, బాత్రూంలో పోయడానికి, అంట్లు మొదటిసారి కడగడానికి ఇవి బాగుంటాయి. తాగడానికి, వంటకు, పశువుల కుడితికి వాడొద్దు, ఉప్పూ ఫ్లోరైడూ చిక్కబడి వచ్చేది ఇందులోనే. పూల మొక్కలకు రోజూ పోస్తే మట్టి తెల్లగా పొక్కుతుంది. పైపు చివర ఎప్పుడూ మూయకండి, మడత పడనీయకండి.

6. టీడీఎస్ స్క్రూ జోలికి వెళ్లొద్దు

కవరు తీస్తే లోపల ఒక చిన్న స్క్రూ, దాని మీద పసుపు టేపు కనిపిస్తాయి. దాన్ని తిప్పితే మెంబ్రేన్ దాటని నీళ్లు కొంత వచ్చి శుద్ధి చేసిన నీళ్లలో కలుస్తాయి. రుచి పెరుగుతుంది, అందుకే పెడతారు.

మొదటి వారంలో ప్రతి ఇంట్లోనూ వినిపించే మాటే: "నీళ్లు చప్పగా ఉన్నాయి, కొంచెం తిప్పి పో బాబూ." ఫిట్టర్ తిప్పుతాడు, రుచి వస్తుంది, అందరూ సంతోషిస్తారు. కానీ మీ బోరులో ఫ్లోరైడ్ 3 ఉందనుకోండి. సగానికి సగం కలిస్తే గ్లాసులో 1.5 దాటుతుంది. అంటే డబ్బు పెట్టి ప్యూరిఫైయర్ కొని మళ్లీ ఆ నీళ్లే తాగుతున్నట్టు. అందుకే ఆ స్క్రూ పూర్తిగా మూసి టేపు వేసి ఇస్తున్నాం. ల్యాబ్ కాగితంలో ఫ్లోరైడ్ 1 లోపు ఉందని తేలితేనే దాన్ని తిప్పించండి.

చప్పదనం నచ్చకపోతే మట్టి కుండలో పోసి ఒక పూట ఉంచి తాగండి. కుండకు కొళాయి ఉంటే మంచిది, చేతులు ముంచకూడదు. పది రోజులు తాగితే ఈ రుచే అలవాటవుతుంది, ఆ తర్వాత బయటి నీళ్లే ఉప్పగా అనిపిస్తాయి.

7. ఏ ఫిల్టర్ ఎప్పుడు మార్చాలి

బయటి బౌల్ ఫిల్టర్: 3 నెలలు. లోపలి తెల్ల క్యాండిల్ గోధుమ రంగుకు తిరిగితే ఇంకా ముందే మార్చాలి. ఇది మీరే మార్చుకోవచ్చు. నల్లా వాల్వు కట్టి, ప్లగ్ తీసి, కింద బకెట్ పెట్టి స్పానర్‌తో బౌల్ విప్పండి. బౌల్ కడిగి, కొత్త క్యాండిల్ నిలబెట్టి, నల్ల రబ్బరు రింగు గాడిలో సరిగ్గా కూర్చుందో లేదో చూసి బిగించండి. కారడం మొదలైతే పదిలో తొమ్మిదిసార్లు తప్పు ఆ రింగుదే.

లోపలి సెడిమెంట్, కార్బన్ ఫిల్టర్లు: ఏడాదికోసారి, మా ఫిట్టర్‌తో.

మెంబ్రేన్: మామూలుగా రెండేళ్లు. తేదీ చూసి కాదు, మీటరు చూసి మార్చండి. నల్లా నీళ్ల టీడీఎస్‌లో ఐదో వంతు కంటే ఎక్కువ గ్లాసులోకి వస్తుంటే (740కి 150 దాటితే) దాని పని అయిపోయినట్టే. స్క్రూ మూసి ఉన్నప్పుడే ఈ లెక్క పనికొస్తుంది.

యూవీ దీపం: ఏడాది. వెలుగు కనిపిస్తున్నా సూక్ష్మక్రిములను చంపే శక్తి తగ్గిపోతుంది. వెలుగుతున్న దీపాన్ని కవరు తీసి చూడకండి, కళ్లకు హాని.

నీళ్ల ట్యాంకు: మూడు నెలలకోసారి ప్లగ్ తీసి, ఖాళీ చేసి, మెత్తటి శుభ్రమైన గుడ్డతో తుడవండి. సబ్బు, బ్లీచింగ్ వద్దు.

మార్చిన ప్రతిదాని మీద తేదీ మార్కర్‌తో రాయించండి, తీసిన పాత సామాను మీరే ఉంచుకోండి. "మీ ఫిల్టర్ గడువు అయిపోయింది, మనిషిని పంపిస్తున్నాం" అని తెలియని నంబరు నుంచి ఫోన్ వస్తే అది మేం కాదు. మా దగ్గర్నుంచి ఫోన్ వస్తే మీ కార్డు మీది సీరియల్ నంబరు మేమే చెబుతాం.

8. ఏదైనా తేడా వస్తే

*పంపు మోగుతోంది, ట్యాంకు నిండడం లేదు.* ముందు బౌల్ క్యాండిల్ చూడండి. అది శుభ్రంగా ఉంటే లోపలి ఫిల్టర్లు గానీ మెంబ్రేన్ గానీ మూసుకుపోయాయి. చలికాలంలో కాస్త ఆలస్యంగా నిండటం మామూలే.

*ట్యాంకు నిండి పంపు ఆగినా నీలం పైపు కారుతూనే ఉంది.* ట్యాంకు నిండగానే నీళ్లను ఆపే సోలినాయిడ్ వాల్వు పోయింది. నల్లా వాల్వు కట్టేసి మాకు ఫోన్ చేయండి. రాత్రంతా వదిలేస్తే మేడ మీద ట్యాంకు ఖాళీ అవుతుంది.

*ప్యూరిఫైయర్ కింద తడి.* ముందు ప్లగ్ తీయండి, తర్వాత వాల్వు కట్టండి, ఆ తర్వాతే చెయ్యి పెట్టండి. ఈ వరస మార్చొద్దు.

*నీళ్లకు వాసన.* ట్యాంకు తుడవండి. అయినా పోకపోతే కార్బన్ ఫిల్టర్ మార్చాలి.

9. ఊరికి వెళ్లేటప్పుడు

మూడు రోజులు దాటితే ప్లగ్ తీసి, వాల్వు కట్టి, ట్యాంకు ఖాళీ చేసి వెళ్లండి. తిరిగొచ్చాక మొదటి రెండు ట్యాంకుల నీళ్లు వదిలేయండి. నెల దాటితే వాడేముందు మమ్మల్ని పిలవండి.

10. వారంటీ

పంపు, అడాప్టర్, సోలినాయిడ్ వాల్వులకు కొన్న తేదీ నుంచి ఏడాది. క్యాండిల్, ఫిల్టర్లు, మెంబ్రేన్, యూవీ దీపం అరిగిపోయే సామాను కాబట్టి వాటికి వారంటీ లేదు. మెంబ్రేన్ బిగించిన నెలలోపే టీడీఎస్ పెరిగితే మాత్రం ఉచితంగా మారుస్తాం, మొదటి రోజు అంకెలు కార్డు మీద ఉండాలి. ఎలుకలు కొరికిన పైపులకు, ఎర్తింగ్ లేక కాలిన అడాప్టర్‌కు వారంటీ వర్తించదు. ఫోన్ చేయాల్సిన నంబరు, మీ సీరియల్ నంబరు సర్వీస్ కార్డు వెనక ఉన్నాయి. కార్డును ప్యూరిఫైయర్ పక్కన గోడకు అంటించుకోండి, బీరువాలో పెడితే కావాల్సినప్పుడు దొరకదు.