ఏది దేనికి వాడాలి, ఏది అసలు ముట్టుకోకూడదు

మంగక్కా, నేను పొద్దున ఎనిమిదికే ఆఫీసుకి వెళ్లిపోతాను కాబట్టి ఇవన్నీ రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించాను. చదవడం ఇబ్బందైతే అత్తయ్య చదివి చెబుతారు.

ముందు హాలు. అది టైల్స్ కాదు, మార్బుల్. బకెట్ నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగైదు చుక్కలు వేసి, మాప్ గట్టిగా పిండి తుడవండి, అంతే. యాసిడ్, వెనిగర్, నిమ్మకాయ ఏదీ దాని మీద పడకూడదు. సోఫా పక్కన అరచేయంత మచ్చ కనిపిస్తోంది చూడండి, పాత మనిషి మరక పోవట్లేదని బాత్రూమ్ యాసిడ్ పోసేసరికి బుసబుసా నురగ వచ్చి మెరుపంతా పోయింది. ఎంత తుడిచినా అది పోదు, మీరు దానితో కష్టపడకండి. పులుసో మజ్జిగో ఒలికితే మాత్రం వెంటనే తుడిచేయండి.

బెడ్‌రూములు, బాల్కనీ మామూలు టైల్సే, అక్కడ ఫినాయిల్ ఒక మూత చాలు. ఎక్కువ పోస్తే జిడ్డు కట్టి కాళ్లకి అంటుకుంటుంది.

బాత్రూమ్ గోడల మీద తెల్ల చారలు బోరు నీళ్ల ఉప్పు. వెనిగర్‌లో సగం నీళ్లు కలిపి రాసి, పది నిమిషాలాగి రుద్ది, బాగా కడిగేయండి. కుళాయిలకి మాత్రం గిన్నెల లిక్విడ్, మెత్తటి గుడ్డ. యాసిడ్ తగిలితే పైపూత లేచిపోతుంది.

ఇది మాత్రం రెండుసార్లు చదవండి. టాయిలెట్‌లో వేసే నీలం సీసా, బ్లీచింగ్ పౌడర్ ఎప్పుడూ ఒకేచోట కలపకండి, ఒకటి వేసిన వెంటనే ఇంకోటి కూడా వద్దు. విషవాయువు వస్తుంది. నేనే ఒకసారి తెలివిగా కలిపి, దగ్గుతూ బయటికి పరిగెత్తాను, సాయంత్రం దాకా గొంతు మంట తగ్గలేదు. కడిగేటప్పుడు కిటికీ తెరిచి, గ్లౌజులు వేసుకోండి (సింక్ కింద ఉన్నాయి). ఈ సీసాల్లోది మంచినీళ్ల బాటిళ్లలోకి ఒంపకండి, ఇంట్లో పిల్లాడున్నాడు.

వంటగట్టు గ్రానైట్, గిన్నెల లిక్విడ్‌తో తుడిస్తే చాలు. నాన్‌స్టిక్ పెనానికి, స్టవ్ అద్దానికి స్టీల్ పీచు వద్దు, పసుపు స్పాంజి వాడండి. సింక్‌లో బ్లీచింగ్ వేసి వదిలేస్తే స్టీలుకి గుంటలు పడతాయి.

టీవీ ఆపేసి పొడి మెత్తటి గుడ్డతో తుడవండి, అద్దాల స్ప్రే కిటికీలకే. స్విచ్‌బోర్డుల మీద ఏదీ కొట్టకండి. టేకు తలుపుకి గట్టిగా పిండిన గుడ్డ, ఆ వెంటనే పొడి గుడ్డ.

పూజ ఇత్తడికి చింతపండు, వెండి కుందులకి విభూతి. అవి అత్తయ్యే చేసుకుంటారు, మీరు చేస్తానన్నా ఒప్పుకోరు లెండి.

ఏదైనా కొత్త మరక కనిపిస్తే ముందు నాకు ఫోన్ చేయండి. మరకైతే మెల్లగా చూసుకుందాం, రాయి పాడైతే మళ్లీ పాలిష్ వాళ్లని పిలవాలి.