30 బంతుల్లో 30 కావాలి.. అయినా కప్పు మనదే!

బ్రిడ్జ్‌టౌన్, జూన్ 29, 2024: టీ20 ప్రపంచకప్ ఫైనల్లో 15 ఓవర్లు అయ్యేసరికి దక్షిణాఫ్రికా 147/4. గెలవడానికి 30 బంతుల్లో 30 పరుగులు చాలు, చేతిలో ఆరు వికెట్లు, క్రీజులో క్లాసెన్, మిల్లర్. ఆ క్షణంలో ఇండియా గెలుస్తుందని గుండె మీద చేయి వేసుకుని చెప్పగలిగినవాళ్లు ఎంతమంది ఉంటారు? ఆ తర్వాతి ఐదు ఓవర్లలో సఫారీలు చేసింది 22 పరుగులు, పోగొట్టుకున్నది నాలుగు వికెట్లు. 7 పరుగుల తేడాతో టీ20 ప్రపంచకప్ మనది. 2007 తర్వాత మళ్లీ ఇప్పుడు, అదీ టోర్నీలో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా.

స్కోర్లు: ఇండియా 176/7, దక్షిణాఫ్రికా 169/8.

కెన్సింగ్టన్ ఓవల్‌లో టాస్ గెలిచి బ్యాటింగ్ తీసుకున్న రోహిత్‌కి మొదటి ఓవర్ చూసి ఊపు వచ్చే ఉంటుంది. యాన్సెన్ వేసిన ఆ ఓవర్లో కోహ్లీ మూడు ఫోర్లు కొట్టాడు, 15 పరుగులు వచ్చాయి. కానీ రెండో ఓవర్లో మహరాజ్ వచ్చీ రాగానే కథ తిరగబడింది. రోహిత్ (9) స్వీప్ చేసి స్క్వేర్ లెగ్‌లో క్లాసెన్‌కి దొరికిపోయాడు, పంత్ కూడా స్వీప్‌కి వెళ్లి పరుగులేమీ చేయకుండానే డికాక్‌కి క్యాచ్ ఇచ్చాడు. కాసేపటికి రబాడ బౌలింగ్‌లో సూర్య (3) కూడా వెళ్లిపోయాడు. 34/3. పవర్‌ప్లే ఇంకా అవ్వనే లేదు.

అక్కడ అక్షర్ పటేల్‌ని ముందు పంపడం మ్యాచ్‌లో మొదటి మలుపు. అందరూ కోహ్లీ గురించే మాట్లాడతారు, మాట్లాడాలి కూడా, కానీ అక్షర్ 31 బంతుల్లో కొట్టిన 47 లేకపోతే కోహ్లీకి అంత నిదానంగా ఆడే వెసులుబాటే ఉండేది కాదు. నాలుగు సిక్సర్లు బాదాడు. ఒక ఎండ్‌లో కోహ్లీ సింగిల్స్‌తో వికెట్ కాపాడుతుంటే రన్‌రేట్ పడిపోకుండా చూసినవాడు ఇతనే. ఇద్దరూ కలిసి 72 పరుగులు జోడించాక డికాక్ విసిరిన డైరెక్ట్ హిట్‌కి అక్షర్ రనౌట్ అయ్యాడు. ఆ ఔట్ చూస్తే నిజంగా ప్రాణం ఉసూరుమంది.

ఇక కోహ్లీ. ఈ టోర్నీలో ఫైనల్ ముందు వరకు ఏడు ఇన్నింగ్స్‌లలో అతను చేసింది మొత్తం 75 పరుగులు. సెమీస్ తర్వాత రోహిత్‌ని అడిగితే "బహుశా ఫైనల్ కోసం దాచుకుంటున్నాడేమో" అన్నాడు. ఆ మాట నిజమైంది. హాఫ్ సెంచరీకి 48 బంతులు పట్టింది, ఆ తర్వాత 11 బంతుల్లోనే 26 లాగేశాడు. మొత్తం 59 బంతుల్లో 76. చివర్లో దూబే (16 బంతుల్లో 27) కూడా చేయి వేయడంతో స్కోరు 176కి చేరింది, టీ20 ప్రపంచకప్ ఫైనల్లో అప్పటిదాకా ఏ జట్టూ ఇంత కొట్టలేదు.

ఛేజింగ్ మొదట్లోనే బుమ్రా తన ముద్ర వేశాడు. హెండ్రిక్స్‌కి వేసిన బంతి చూశారా, లెగ్ వైపు వస్తున్నట్టే కనిపించి బయటికి తిరిగి ఆఫ్ స్టంప్ పైభాగాన్ని ఎగరగొట్టింది. అతను ఆడింది తప్పు షాటేమీ కాదు, ఆ బంతికి సమాధానం లేదంతే. మార్‌క్రమ్‌ని అర్ష్‌దీప్ పంపించాడు, 12/2. అయితే డికాక్ (39), స్టబ్స్ (31) నిలబెట్టారు, వాళ్లు వెళ్లాక క్లాసెన్ చెలరేగాడు. కుల్దీప్‌కి వికెట్ దక్కలేదు, నాలుగు ఓవర్లలో 45 ఇచ్చాడు. అక్షర్ వేసిన 15వ ఓవర్లో అయితే ఏకంగా 24 పరుగులు. క్లాసెన్ 23 బంతుల్లో ఫిఫ్టీ, ఐదు సిక్సర్లు. స్పిన్‌ని చితక్కొట్టాడు.

అసలు మ్యాచ్ ఇక్కడ మొదలైంది. 16వ ఓవర్‌కి రోహిత్ బుమ్రాని తెచ్చాడు, నాలుగే పరుగులు. వికెట్ పడలేదు కానీ వరదకి అడ్డుకట్ట పడింది. ఆ ఓవర్ అయ్యాక పంత్ మోకాలికి ఫిజియో వచ్చి టేప్ వేశాడు, ఆట కాసేపు ఆగింది. ఆట మొదలైన మొదటి బంతికే హార్దిక్ ఆఫ్ స్టంప్‌కి బాగా దూరంగా ఒక స్లో బాల్ వేశాడు, క్లాసెన్ (27 బంతుల్లో 52) చేతులు చాచి అందుకోబోయాడు, ఎడ్జ్ తగిలి పంత్ గ్లవ్స్‌లో పడింది. ఆ బంతిని వదిలేసి ఉంటే వైడ్‌గా పోయేదేమో! లయలో ఉన్న బ్యాటర్ ఏకాగ్రతని చెదరగొట్టడానికి ఆ చిన్న విరామమే చాలు అనిపించింది నాకు.

18వ ఓవర్: బుమ్రా, రెండు పరుగులు, యాన్సెన్ క్లీన్ బౌల్డ్. 19వ ఓవర్: అర్ష్‌దీప్, నాలుగు పరుగులు. ఇంత ఒత్తిడిలో ఈ కుర్రాడు వేసిన ఈ ఓవర్‌కి దక్కాల్సినంత పేరు దక్కకపోవచ్చు, అందుకే ఇక్కడ గట్టిగా చెబుతున్నా.

ఆఖరి ఓవర్లో 16 కావాలి. హార్దిక్ మొదటి బంతి ఫుల్‌టాస్ అయింది, మిల్లర్ లాంగాఫ్ మీదుగా లేపాడు, అది సిక్సే అనుకున్నాం అందరం. సూర్యకుమార్ పరుగెత్తుకుంటూ వచ్చి తాడు పక్కన బంతిని పట్టాడు, అదుపు తప్పి గీత దాటేలోపే దాన్ని పైకి విసిరాడు, బయట అడుగు పెట్టి మళ్లీ లోపలికి వచ్చి అందుకున్నాడు. థర్డ్ అంపైర్ రీప్లేలు చూసినంత సేపూ టెన్షన్ భరించలేకపోయాం. ఔట్! తర్వాత రబాడ ఎడ్జ్ ఒకటి ఫోర్ వెళ్లింది కానీ, ఇంక సరిపోలేదు. హార్దిక్ 3/20తో ముగించాడు.

బుమ్రా 4 ఓవర్లలో 18 పరుగులిచ్చి 2 వికెట్లు తీశాడు. ప్లేయర్ ఆఫ్ ది మ్యాచ్ కోహ్లీకి ఇచ్చారు, నా లెక్కలో మాత్రం అది బుమ్రాకి రావాల్సింది. 15 వికెట్లతో ప్లేయర్ ఆఫ్ ది టోర్నమెంట్ అయితే అతనే. మ్యాచ్ అయ్యాక ఎప్పుడూ ఏడవను, ఈసారి మాత్రం భావోద్వేగాలు తన మాట వినడం లేదని చెప్పాడు.

హార్దిక్ కళ్లలో నీళ్లు ఆగలేదు. ఐపీఎల్ అంతా సొంత మైదానంలోనే ప్రేక్షకుల ఎగతాళి అరుపులు, గోల భరించినవాడు. గడిచిన ఆరు నెలల్లో తాను ఒక్క మాట కూడా మాట్లాడలేదని, కష్టపడుతూ ఉంటే తన రోజు వస్తుందని నమ్మానని అన్నాడు. క్లాసెన్, మిల్లర్ ఇద్దర్నీ పంపించినవాడు ఆ మాట అంటే బరువు వేరు.

ఓడినవాళ్ల గురించి కూడా చెప్పాలి. పురుషుల ప్రపంచకప్‌లో దక్షిణాఫ్రికాకి ఇదే తొలి ఫైనల్, ఇక్కడిదాకా ఓటమి లేకుండా వచ్చారు. వీళ్లని చోకర్స్ అని తేలిగ్గా తీసిపారేయడం అన్యాయం, ఆఖరి ఐదు ఓవర్లలో వాళ్లు తడబడ్డారనేకంటే మన బౌలర్లు ఆడనివ్వలేదనడమే న్యాయం. ప్రస్తుతానికి చాలా బాధగా ఉంది, అయినా ఈ జట్టుని చూస్తే గర్వంగా ఉందని మార్‌క్రమ్ చెప్పాడు.

కోహ్లీ అవార్డు అందుకుంటూ "ఇదే నా చివరి టీ20 ప్రపంచకప్, మేం సాధించాలనుకున్నది ఇదే" అనేశాడు. ఓడిపోయినా ఈ మాట చెప్పేవాడినే, తర్వాతి తరానికి ఇక చోటు ఇవ్వాలి అని కూడా అన్నాడు. కాసేపటికి ప్రెస్‌మీట్‌లో రోహిత్ కూడా అదే ప్రకటన చేశాడు: "ఇది నాకూ చివరి మ్యాచే. ఈ ఫార్మాట్‌కి వీడ్కోలు చెప్పడానికి ఇంతకంటే మంచి సమయం లేదు." కోచ్‌గా ద్రవిడ్‌కి కూడా ఇదే ఆఖరి మ్యాచ్. ఆటగాళ్లు కప్పు చేతికిచ్చేసరికి ఎప్పుడూ నెమ్మదిగా ఉండే ఆయన గొంతు చించుకుని అరిచాడు.