పవర్ ప్రెస్ మీద పని చేసేవారికి జాగ్రత్తలు: షిఫ్టు మొదట్లో చదివి వినిపించవలసినది

ఈ కాగితం రేకు కోసే 50 టన్నుల పవర్ ప్రెస్ మీద పని చేసే వారందరి కోసం రాసినది. చదవడం రానివారికి సూపర్‌వైజరు మిషను పక్కనే నిలబడి, ఒక్కొక్క భాగాన్ని వేలితో చూపిస్తూ చదివి వినిపించాలి.

అన్నిటికంటే ముందు తెలుసుకోవలసినది ఒకటుంది. మన ప్రెస్‌లో స్లైడు ఒకసారి కిందికి బయలుదేరిందంటే మధ్యలో ఆగదు. అడుగు దాకా దిగి, మళ్లీ పైకి వెళ్లాకే ఆగుతుంది. ఎర్ర బటన్ నొక్కితే మోటారుకు కరెంటు ఆగుతుందే గాని, దిగుతున్న స్లైడు ఆగదు. కాబట్టి ఆ బటన్‌ను నమ్ముకుని డై లోపల చెయ్యి పెట్టకూడదు.

పని మొదలుపెట్టే ముందు గార్డు బిగించి ఉందో లేదో చూడండి. తరువాత డైలో రేకు పెట్టకుండా ఎడమ బటన్ ఒక్కటే, ఆపైన కుడి బటన్ ఒక్కటే నొక్కి చూడండి. స్లైడు కదలకూడదు. రెండూ కలిపి నొక్కినప్పుడు ఒక్కసారే దిగాలి. ఒక్క బటన్‌కే దిగినా, ఒకసారి నొక్కితే రెండుసార్లు దిగినా వెంటనే మిషను ఆపి సూపర్‌వైజరుకు చెప్పండి. అలా ఆపిన సమయానికి మీ కూలిలో కోత ఉండదు.

పని తొందరగా అవుతుందని ఒక బటన్‌కు చెక్కముక్క దోపి ఒంటి చేత్తో నడపడం చాలా ప్రమాదం, ఎందుకంటే రెండు బటన్లు పెట్టిందే స్లైడు దిగే సమయానికి మీ రెండు చేతులూ డైకి దూరంగా ఉండాలని. వేలాడే చున్నీ, వదులు చేతుల చొక్కా, గాజులు, ఉంగరాలు వద్దు. డైలో ముక్క ఇరుక్కుంటే, ఎంత చిన్నదైనా సరే, పటకారుతోనే తీయండి.

డై మార్చేటప్పుడు గాని, లోపల శుభ్రం చేసేటప్పుడు గాని మెయిన్ స్విచ్ కట్టేసి, దానికి మీ తాళం వేసి, తాళంచెవి మీ జేబులోనే ఉంచుకోండి. స్విచ్ కట్టేశాక కూడా పక్కనున్న పెద్ద చక్రం కొంతసేపు తిరుగుతూనే ఉంటుంది, ఆ ఊపుకే స్లైడు దిగగలదు. చక్రం మీది పసుపు గీత పూర్తిగా నిలిచేదాకా ఆగి, స్లైడు కింద ఇనుప దిమ్మె పెట్టిన తరువాతే చెయ్యి లోపలికి పోనివ్వండి.

ఎవరికైనా వేలు తెగితే శుభ్రమైన గుడ్డతో గాయాన్ని గట్టిగా అదిమి, చెయ్యి పైకెత్తి ఉంచి, 108కి ఫోన్ చేయించండి. తెగిన వేలిని తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టి, ఆ సంచిని ఐసు మీద ఉంచి మనిషితోపాటే పంపండి. వేలికి ఐసు నేరుగా తగలకూడదు. మెయింటెనెన్స్ వారు చూసి సరే అనేదాకా ఆ ప్రెస్‌ను ఎవరూ నడపకూడదు.