కడప ఎర్రముక్కపల్లి వైపు కొత్త అపార్ట్‌మెంట్: 54 ఫ్లాట్లకు బుకింగ్‌లు మొదలయ్యాయి

మొదటి పోస్టు: తొలిసారి సొంతింటివారు అవుతున్న వారికి

స్టిల్టు పార్కింగ్‌పై ఐదు అంతస్తులుగా మేము కడుతున్న ఈ భవనంలో రెండు పడక గదుల ఫ్లాటు 1,100 చదరపు అడుగులు, మూడు పడక గదులది 1,500 చదరపు అడుగులు. ఇవి గోడలు, మెట్లు, లిఫ్టు అన్నీ కలిపి చెప్పుకునే లెక్కలు. తలుపు తీసి లోపలికి వెళ్లాక మీరు వాడుకునే కార్పెట్ ఏరియా మాత్రం వరుసగా 770, 1,050 చదరపు అడుగులే. ఇళ్ల కొనుగోలుదారులకు రక్షణ కల్పించే రెరా చట్టం ప్రకారం అమ్మకం ఒప్పందంలో రాసేది కూడా ఈ కార్పెట్ ఏరియానే కాబట్టి, ఏ ప్రాజెక్టు చూసినా ముందుగా ఈ అంకెనే అడగండి.

అన్నీ కలిపిన లెక్క మీద చదరపు అడుగు ధర 3,900 రూపాయలు. కారు పార్కింగ్‌తో కలిపి రెండు పడక గదుల ఫ్లాటు 42,90,000 రూపాయలకు వస్తుంది. ధర 45 లక్షల లోపు, కార్పెట్ ఏరియా 90 చదరపు మీటర్ల లోపు ఉన్నందున దీనికి జీఎస్టీ ఒక్క శాతమే, అంటే 42,900 రూపాయలు. మూడు పడక గదుల ఫ్లాటు ధర 58,50,000 రూపాయలు కాబట్టి దానికి ఐదు శాతం వర్తిస్తుంది. బ్యాంకు 80 శాతం వరకు అప్పు ఇచ్చినా చిన్న ఫ్లాటుకు 8,58,000 రూపాయలు మీ చేతి నుంచి పెట్టుకోవాలి. రిజిస్ట్రేషన్ సమయంలో స్టాంపు డ్యూటీ, ఇతర రుసుములు కలిపి ఏడున్నర శాతం, అంటే సుమారు 3,21,750 రూపాయలు, అదనంగా అవుతుంది. ఈ సొమ్ము అప్పులో కలవదు. చాలామంది ఆ సంగతిని చివరి నెలలో తెలుసుకొని నగలు తాకట్టు పెట్టడం మేము చూశాము, అందుకే ముందే రాస్తున్నాము.

రిజిస్టరు చేసిన అమ్మకం ఒప్పందం చేతికి ఇవ్వకుండా మేము మీ దగ్గర ధరలో పది శాతానికి మించి తీసుకోకూడదు, తీసుకోము. మీరు చెల్లించే సొమ్ములో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉంటుంది, దానిని స్థలానికి, నిర్మాణానికి మాత్రమే ఖర్చు చేయాలి. మా రెరా నమోదు సంఖ్య బ్రోచర్ మొదటి పేజీలో ఉంది. దానిని rera.ap.gov.in లో స్వయంగా సరిచూసుకోండి. ఇళ్లు 2028 డిసెంబరులో అప్పగిస్తాము.

వంటింటిని మాత్రం కొంచెం పట్టుపట్టి గీయించాము. గట్టు, అరలు మన కడప బండతోనే వస్తాయి. పొయ్యి పక్కన నేల మీద గిన్నె పెట్టుకొని, ఇద్దరు నిలబడి సంగటి కెలికేటంత ఖాళీ వదిలాము. వెనుక యుటిలిటీలో రోలు పెట్టుకోవడానికి చోటు, నీళ్లు పోవడానికి వాలు కూడా ఉన్నాయి. పడమటి గోడలు తొమ్మిది అంగుళాల మందం, ఎందుకంటే కడప మే నెల ఎండను ఎవరికీ వివరించనక్కర్లేదు. 2001లో బుగ్గవంక పొంగినప్పటి సంగతి మరిచిపోని పెద్దల మాట విని, పార్కింగ్ నేలను రోడ్డుకంటే మూడు అడుగులు ఎత్తు చేస్తున్నాము.

రెండో పోస్టు: కువైట్‌లోనూ ఇతర దేశాల్లోనూ ఉంటున్న మన కుటుంబాలకు

మీకు భారత పాస్‌పోర్టు ఉన్నా, ఓసీఐ కార్డు ఉన్నా ఇక్కడ ఫ్లాటు కొనడానికి రిజర్వు బ్యాంకు ప్రత్యేక అనుమతి అవసరం లేదు. వ్యవసాయ భూమికి మాత్రం ఈ వెసులుబాటు వర్తించదు. సొమ్ము మీ ఎన్ఆర్ఈ లేదా ఎన్ఆర్ఓ ఖాతా నుంచి గానీ, అక్కడి బ్యాంకు ద్వారా నేరుగా గానీ ప్రాజెక్టు ఖాతాకు రావాలి. హుండీ ద్వారానో, ఊరికి వచ్చే మనిషి చేతనో పంపిన నగదును మేము తీసుకోము. రేపు ఇల్లు అమ్మి ఆ డబ్బు తిరిగి తీసుకెళ్లాలంటే మీకు పనికొచ్చేది ఆ బ్యాంకు కాగితమే. ధర 50 లక్షలు, ఆ పైన ఉంటే మాకు చెల్లించేటప్పుడు ఒక శాతం టీడీఎస్ మినహాయించి ప్రభుత్వానికి కట్టాల్సిన బాధ్యత కొనేవారిదే. మూడు పడక గదుల ఫ్లాటుకు అది 58,500 రూపాయలు.

సంతకాలకు మీరు సెలవు పెట్టి రానవసరం లేదు. తండ్రి పేరిటో, తమ్ముడి పేరిటో పవర్ ఆఫ్ అటార్నీ రాసి, అక్కడి భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరించి పంపితే, అది ఇక్కడికి చేరిన మూడు నెలల లోపు స్టాంపు వేయించాలి. ఆ పత్రంలో ఫ్లాటు సంఖ్య, కొనడానికి, సంతకం చేయడానికి మాత్రమే అధికారం అని స్పష్టంగా రాయించండి. అమ్మే అధికారం కూడా కలిపి ఇవ్వమని, సొంతవాళ్లకైనా సరే, మేము సలహా ఇవ్వము.

ప్రతి నెల మొదటి శుక్రవారం ఉదయం 10:30కి సైటు ఇంజినీరు వీడియో కాల్‌లో పని చూపిస్తారు. కువైట్‌లో అప్పుడు ఎనిమిది గంటలు, సెలవు రోజు కూడా. ఆ నెల పోసిన స్లాబు, కట్టిన గోడ చూశాకే తర్వాతి వాయిదా పంపండి. అమ్మానాన్నలు ఇక్కడే ఉంటే వారిని సైటుకు తీసుకురండి. నమూనా ఫ్లాటు కింది అంతస్తులోనే ఉంది, ఆదివారం కూడా సాయంత్రం ఆరు వరకు తెరిచి ఉంచుతాము.