బి బ్లాకు ఫ్లాట్ల అప్పగింతలో జాప్యం: మీ లేఖకు మా సంఘం సమాధానం

నిజాంపేట, హైదరాబాద్
తేదీ: 11 ఆగస్టు 2025

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

విషయం: బి బ్లాకు ఫ్లాట్ల అప్పగింత, మీరు కోరిన తుది వాయిదా చెల్లింపు.
సూచిక: 28 జులై 2025 నాటి మీ లేఖ.

అయ్యా,

మీ లేఖపై 3 ఆగస్టు నాటి సర్వసభ్య సమావేశంలో ఏకగ్రీవంగా ఆమోదించిన సమాధానాన్ని తెలియజేస్తున్నాం.

1. జాప్యానికి మీరు చెప్పిన కారణాలు

అమ్మకపు ఒప్పందం ప్రకారం 31 డిసెంబరు 2023 నాటికి ఫ్లాట్లు అప్పగించాలి. అందులోనే ఉన్న ఆరు నెలల అదనపు గడువు కూడా 30 జూన్ 2024తో ముగిసింది. కూలీల కొరత, ఇసుక ధర పెరుగుదల వల్ల పని ఆలస్యమైందని మీరు రాశారు. రెరా చట్టం 6వ సెక్షన్ అనివార్య పరిస్థితులుగా పేర్కొన్న యుద్ధం, వరద, కరువు, అగ్నిప్రమాదం, తుఫాను, భూకంపం తదితర ప్రకృతి వైపరీత్యాల్లో ఇవి రావు. మీ అంతట మీరు ప్రకటించిన కొత్త తేదీని మేం అంగీకరించడం లేదు.

2. తుది వాయిదా, తాళాలు

ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ రాకముందే చివరి 5 శాతం చెల్లించి, లోపలి పనుల కోసం తాళాలు తీసుకోవాలని మీరు కోరారు. ఆ సర్టిఫికెట్ తేవలసిన బాధ్యత 11వ సెక్షన్ ప్రకారం మీదే. అది వచ్చాక రెండు నెలల్లో ఫ్లాటు స్వాధీనం చేసుకోవలసిన బాధ్యత 19వ సెక్షన్ ప్రకారం మాది. మా వంతు మేం తప్పక నిర్వర్తిస్తాం. మురుగునీటి శుద్ధి ప్లాంటు పూర్తికాని, రెండో లిఫ్టు బిగించని పన్నెండంతస్తుల భవనంలోకి పిల్లలతో, వృద్ధులైన తల్లిదండ్రులతో ఎవరూ చేరలేరు. కనుక ఆ సర్టిఫికెట్ ప్రతి అందేవరకు ఏ సభ్యుడూ తుది వాయిదా కట్టరు, స్వాధీన పత్రంపై సంతకం చేయరు.

3. వడ్డీ

మా సభ్యుల్లో చాలామంది ఒకవైపు గృహరుణం ఈఎంఐ, మరోవైపు ఇంటి అద్దె కడుతున్నారు. ఈ భారాన్ని మీ లేఖ ఒక్క మాటలోనైనా ప్రస్తావించకపోవడం మమ్మల్ని ఎంతో బాధించింది. ఒప్పందాన్ని రద్దు చేసుకోని కొనుగోలుదారుకు అప్పగింత జరిగే వరకు నెలనెలా వడ్డీ చెల్లించాలని 18వ సెక్షన్ చెబుతోంది. తెలంగాణ నిబంధనల ప్రకారం ఆ రేటు స్టేట్ బ్యాంకు గరిష్ఠ ఎంసీఎల్ఆర్‌పై మరో 2 శాతం. మీరు ఇవ్వజూపిన ఏడాది నిర్వహణ రుసుము మాఫీ దీనికి ప్రత్యామ్నాయం కాదు.

4. మేం కోరుతున్నది

1 జులై 2024 నుంచి లెక్కగట్టిన వడ్డీ వివరాలను ఫ్లాటువారీగా, మిగిలిన పనుల తేదీలను, సర్టిఫికెట్ దరఖాస్తు ప్రతిని 31 ఆగస్టు 2025లోగా రాతపూర్వకంగా పంపండి. లేనిపక్షంలో 31వ సెక్షన్ కింద తెలంగాణ రెరా అథారిటీకి ఫిర్యాదు చేస్తాం. ఈలోగా ఏ ఒక్క సభ్యుడికైనా కేటాయింపు రద్దు నోటీసు పంపితే, దాన్ని కూడా అదే ఫిర్యాదులో చేరుస్తాం.

ఇట్లు,
అధ్యక్షులు, కార్యదర్శి
బి బ్లాకు కొనుగోలుదారుల సంక్షేమ సంఘం

జతపరచినవి: సమావేశ తీర్మానం ప్రతి, సభ్యుల చెల్లింపుల పట్టిక.